దస్తర్‌ఖాన్ మీద ఫాతెహా గొడవ: బల్మూర్‌లో మా మామూ ఇంట్లో రెండు దావత్‌ల సంగతి

పోయినేడు మా నానా బర్సీ నాడు బల్మూర్‌లో పెద్ద మామూ ఇంట్లో దావత్. బగారా, దాల్చా, గోష్ మునుగకాయ, చివర్లో ఖద్దూ కా మీఠా. హాల్‌లో దస్తర్‌ఖాన్ పరిచి, అన్నం ముందు పెట్టుకొని మామూ ఫాతెహా మొదలుపెట్టారు. రియాద్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిన మా ఖాలేరా భాయి అప్పుడే అన్నాడు: "మామూ, ఇది బిద్అత్. ఈ అన్నం నేను తినను."

మామూకు అరవై దాటాయి. ఎదురుగా కొత్త సమ్ధీ కూర్చొని ఉన్నాడు. "గట్లైతే ఎందుకొచ్చినవ్ బేటా?" అన్నారు. భాయి లేచి చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడు నెలలు రెండిళ్ల మధ్య ఫోన్ లేదు. మధ్యలో ఒక నిశ్చితార్థం జరిగితే కార్డు పోయింది గానీ మనుషులు రాలేదు. మా అమ్మీ, ఖాలా సొంత అక్కచెల్లెళ్లు. వాళ్లు కూడా ఎవరికీ తెలియకుండా మాట్లాడుకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు అదే బర్సీ, అదే ఇల్లు, దాదాపు అదే మనుషులు. ఎవరి నమ్మకం వాళ్లదే, ఎవరూ మారలేదు. కానీ అందరూ తిన్నారు, ఇషా దాకా కూర్చున్నారు. మధ్యలో ఏం మారింది అన్నదే ఇక్కడ రాస్తున్న. మన ఇళ్లల్లో ఈ గొడవ ఒక్క మామూ ఇంటిది కాదు గదా. రంగాపూర్ నిరంజన్ షావలీ ఉర్సుకు పోయే ఇంట్లోనే ఉర్సు వద్దనే కొడుకు ఉంటాడు. జమాత్‌కు పోయే అన్న, పీర్ల పండుగకు మలీదా చేసే వదిన ఒకే కప్పు కింద ఉంటారు.

ముందు అసలు తేడా ఎక్కడుందో చూడాలి. పోయినేడు గొడవ చూసిన వాళ్లలో సగం మందికి అది తెలియదు, నాకూ తెలియదు. తర్వాత మామూను, భాయిని విడివిడిగా అడిగి రాసుకున్నా. చనిపోయిన వాళ్ల కోసం దుఆ చేయాలా? ఇద్దరూ అవునన్నారు. వాళ్ల పేరు మీద సదఖా ఇస్తే, పేదలకు అన్నం పెడితే సవాబ్ చేరుతుందా? ఇద్దరూ అవునన్నారు. ఖబ్రస్తాన్‌కు పోయి సలాం చెప్పి దుఆ చేయడం? అదీ అవునే. ఖురాన్ చదివి ఆ సవాబ్ చేర్చొచ్చా అన్న దగ్గర కొంచెం తేడా వచ్చింది. దాని మీద పాత ఇమాముల మధ్య కూడా వేర్వేరు మాటలున్నాయి. అసలు గట్టి తేడా రెండు చోట్ల ఉంది. ఒక రోజు ఖరారు చేసి, అన్నం ముందు పెట్టుకొని చదవాలన్న పద్ధతి మీద మొదటిది. నియాజ్ అన్నప్పుడు అది ఎవరి పేరు మీద అన్న దాని మీద రెండోది.

మామూ చెప్పింది ఇది: "అన్నం అల్లా పేరు మీదనే బేటా. సవాబ్ మాత్రం అబ్బాకు బఖ్షిస్తున్న. రోజు పెట్టుకోకపోతే ఎవరు గుర్తు పెట్టుకుంటరు?" భాయి చెప్పింది ఇది: "నానా మీద నాకు ప్రేమ లేదని కాదు. హుజూర్ చేయని పద్ధతిని దీన్‌లో కలిపితే రేపు పిల్లలు అదే దీన్ అనుకుంటరని భయం." ఈ రెండు మాటలూ ఒక్కరోజు కూడా ఒకరికొకరు చెప్పుకోలేదు. మామూ విన్నది "మీ నాయనకు మీరు చేసేది తప్పు" అని. భాయికి వినబడింది "నువ్వు మా వాడివి కాదు, పో" అని.

ఇద్దరి మాటలు కాగితం మీద పెట్టి చూస్తే గొడవ చిన్నదయిపోలేదు గానీ, దాని హద్దు కనబడింది. నేను బీకాం చదివినవాణ్ణి, ఖాతాలో తేడా వస్తే మొత్తం బుక్కు తిరగేయం, ఏ ఎంట్రీ దగ్గర వచ్చిందో వెతుకుతాం. ఇక్కడా అంతే అనిపించింది.

ఈ ఏడు దావత్‌కు వారం ముందే పని మొదలైంది. చేసింది ముమానీ. మగవాళ్లం దస్తర్‌ఖాన్ దగ్గర ఎట్ల మాట్లాడాలని ఆలోచిస్తుంటే ఆమె నేరుగా భాయికి ఫోన్ చేసి అడిగింది: "బేటా, నువ్వు రావాలె. ఏం తింటవ్, ఏం తినవ్, నాకు ముందే చెప్పు." భాయి చెప్పాడు: ఫాతెహా చదివిన అన్నం తినడు, ఆ టైంలో కూర్చోడు, మిగతాదంతా ఇష్టమే. ముమానీ రెండు పనులు చేసింది. ఫాతెహాను అసర్ తర్వాత పెట్టించింది, ఇంటోళ్లు నలుగురైదుగురే ఉండేటట్టు. దావత్‌ను మగ్రిబ్ తర్వాత పెట్టింది. దేగ్‌లోంచి ఫాతెహాకు ప్లేట్లు తీయకముందే ఒక దేగ్చీ నిండా బగారా, కూర పక్కకు తీసి మూత పెట్టింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మామూకు ఈ దేగ్చీ సంగతి తెలిసి ముఖం మాడ్చుకున్నారు. "అంటే మా ఇంటి అన్నం హరామా?" దీనికి జవాబు భాయే చెప్పాడు, ఫోన్‌లో, దావత్‌కు రెండు రోజుల ముందు: "మామూ, హరాం అని నేను అనలేదు, అనను. నేను తినను, అంతే." ఏడు నెలల గొడవ తెగింది దాదాపు ఈ ఒక్క మాట దగ్గరే. "నేను తినను" అంటే నా సంగతి చెప్పినట్టు. "ఇది హరాం, ఇది బిద్అత్" అంటే ఎదుటివాళ్ల మీద తీర్పు చెప్పినట్టు, అదీ వాళ్ల ఇంట్లో, వాళ్ల దస్తర్‌ఖాన్ మీద. పోయినేడు భాయి ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. మొదటిది మామూ భరించేవారే, రెండోది భరించలేకపోయారు.

హుజూర్ ఎప్పుడూ అన్నానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే వదిలేసేవారని బుఖారీలో, ముస్లింలో ఉన్న హదీస్ ఇద్దరికీ తెలుసు. భాయి దాన్ని తనకే అన్వయించుకున్నాడు: వదిలెయ్యొచ్చు, వంక పెట్టక్కర్లేదు. మామూ కూడా దాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు: వదిలేసినవాణ్ణి బలవంతం చేయక్కర్లేదు. "కొంచెం రుచి చూడు బేటా, ఏమైతది" అని నలుగురిలో ఒత్తిడి చేయడం కూడా గొడవకు దారే. అందరం ప్రేమతోనే చేస్తాం అది. కానీ తిననివాడు అప్పుడు కారణం చెప్పాల్సి వస్తుంది, కారణం చెప్తే అది తీర్పయిపోతుంది.

నమాజు విషయంలో సహాబాల కాలం నాటి ఒక సంగతి కూడా భాయే గుర్తు చేశాడు. హజ్‌లో మినా దగ్గర ఖలీఫా ఉస్మాన్ రెండు రకాత్‌లకు బదులు నాలుగు చదివించారు. అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్‌కు అది నచ్చలేదు, ఆ మాట చెప్పారు కూడా. అయినా వెనక నిలబడి నాలుగూ చదివారు. ఎందుకని అడిగితే, విభేదం పెంచడం చెడ్డదని జవాబిచ్చారు. అబూ దావూద్‌లో ఉంది ఇది. తన అభిప్రాయం దాచుకోలేదు, మార్చుకోలేదు, జమాత్ కూడా విడిచిపోలేదు.

ఇక దావత్ రోజు. అందరూ కూర్చున్నారు, భాయి మామూ పక్కనే. మొదటి పది నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత మా సమ్ధీ, పాపం మంచి మనిషే, ఉండబట్టలేక భాయిని అడిగాడు: "ఫాతెహా వద్దని ఏ హదీస్‌లో ఉందో చూపించు."

ఇది చూడడానికి ప్రశ్నలాగ ఉంటుంది గానీ పిలిచేది కుస్తీకి. చూపిస్తే ఇంకొకటి అడుగుతారు, చూపించకపోతే ఓడినట్టు. భాయి జేబులోకి చెయ్యి పోయింది, ఫోన్ కోసం. ఇదే ప్రమాదం గుర్తు. ఫోన్ తీసి యూట్యూబ్‌లో ఒక మౌలానా బయాన్ పెట్టగానే దస్తర్‌ఖాన్ మీదికి ఈ ఇంటి వాడు కాని మూడో మనిషి వచ్చి కూర్చుంటాడు. ఆయనకు మామూ ఎవరో తెలియదు, చిన్నప్పుడు భాయిని సైకిల్ మీద మదర్సాకు తీసుకపోయింది మామూయే అని తెలియదు. ఆయన మాట్లాడేది వేలమందితో. వెంటనే ఇటువైపు నుంచి ఇంకో మౌలానా వస్తాడు.

ఇంకో రెండు గుర్తులు కూడా పోయినేటి గొడవలో చూశా. పిలుపు మారుతుంది: "మామూ" అన్నవాడు "మీలాంటోళ్లు" అంటాడు, "బేటా" అన్నవాళ్లు "మీ జమాత్ వాళ్లు" అంటారు. చూపు కూడా మారుతుంది: మామూతో మాట్లాడుతూ మామూను కాక మిగతా వాళ్లను చూస్తాడు. అంటే చెప్పడం ఆయనకు కాదు, సభకు. ఆ దశకు వచ్చాక ఎంత మంచి దలీల్ అయినా పని చేయదు.

ఈసారి మామూ ముందే కలగజేసుకున్నారు. సమ్ధీని ఏమీ అనలేదు. భాయి వైపు తిరిగి, "నీకు ఇట్ల ఎప్పటి నుంచి అనిపించింది బేటా? ఇక్కడున్నప్పుడు నువ్వే కదా అగర్‌బత్తి వెలిగించేది" అని అడిగారు. నవ్వుతూనే, కానీ నిజంగా తెలుసుకోవాలని. భాయి ఫోన్ వదిలేసి చెప్పడం మొదలుపెట్టాడు. రియాద్‌లో మొదటి రెండేళ్లు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక తోటి డ్రైవర్ శుక్రవారం దర్స్‌కు తీసుకపోయేవాడట. ఉర్దూలో ఖురాన్ అర్థం మొదటిసారి అక్కడే విన్నాడట. ఆ మాటకు మామూ కొంచెంసేపు ఊకున్నారు. "అర్థం తెలుసుకునుడు మంచిదే. మాకెవరు చెప్పిన్రు అప్పుడు" అన్నారు. తర్వాత తన మాట కూడా చెప్పారు: "నేను మాత్రం అబ్బా చేసినట్టే చేస్త."

దీని గురించి తర్వాత చదివితే తెలిసింది, పరదేశాల్లో కొందరు ఇదే పనిగా పరిశీలించారు. జూలియా మిన్సన్, మైకేల్ యోమన్స్ వంటి వాళ్లు 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. అభిప్రాయం కలవని వాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఏ మాటలు వాడితే ఎదుటివాడు "ఇతను నా మాట వింటున్నాడు" అనుకుంటాడో లెక్కగట్టారు. ఎదుటివాడి మాటను ముందు తిరిగి చెప్పడం, కలిసే చోటు చూపించడం, "నాకైతే అనిపిస్తది", "కొన్నిసార్లు" లాంటి మెత్తని మాటలు వాడటం పనిచేస్తాయట. "కాదు", "లేదు" అని కొట్టిపారేయడం పనిచేయదట. నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకోటి: "ఎందుకంటే", "కాబట్టి" అని వివరించుకుంటూ పోవడం కూడా ఎదుటివాడికి విననట్టే కనబడుతుందట. మనం వివరిస్తే అర్థమవుతదనుకుంటాం. అవతలివాడికి అది పాఠం చెప్పినట్టు ఉంటుంది. మామూ ఏ పరిశోధనా చదవలేదు గానీ అచ్చం ఇదే చేశారు.

ఇక రాజకీయం. ఇక్కడ తప్పు నాదే, దాచుకోను.

అచ్చంపేట నియోజకవర్గంలో ఉన్న ప్రతి ఇంట్లో ఈ పంచాయితీ ఉంది. 2023 నవంబర్ 30 పోలింగ్‌లో కాంగ్రెస్ నుంచి వంశీకృష్ణ గెలిచారు, బీఆర్ఎస్ నుంచి గువ్వల బాలరాజు ఓడిపోయారు. 2025 ఆగస్టులో బాలరాజు బీజేపీలో చేరారు. నాయకుడు పార్టీ మారితే వెంట తిరిగినవాళ్లు ఏం చేయాలి? మా చిన్న ఖాలూ ఆయన వెంటే ఉన్నాడు. రోడ్డు, పింఛన్, పనులు అన్నీ ఆ పరిచయం మీదే నడిచాయి. అందుకే ఖాలూ ఇంకా ఆ మనుషులతో తిరుగుతున్నాడు. ఇంట్లో పిల్లలు ఆయన వెనకాల ఏమంటారో నేను రాయలేను.

దావత్‌లో మీఠా వచ్చే టైంకు వక్ఫ్ చట్టం మాట లేచింది. చిన్న మామూ, కాంగ్రెస్ మనిషి, "సుప్రీంకోర్టు ఆ చట్టం మొత్తం ఆపేసింది, మీ వాళ్లకు చెంపదెబ్బ" అన్నాడు. ఖాలూ వెంటనే, "కోర్టు ఒక్క అక్షరం కూడా ఆపలేదు" అన్నాడు. ఇద్దరూ తప్పే. పార్లమెంటు 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఆమోదించిన ఆ సవరణ చట్టాన్ని కోర్టు 2025 సెప్టెంబర్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో మొత్తంగా ఆపలేదు. కొన్ని నిబంధనలే ఆపింది. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తుండాలన్న షరతు వాటిలో ఒకటి, భూమి ప్రభుత్వానిదా కాదా అన్నది ప్రభుత్వ అధికారి తేల్చే అధికారం ఇంకొకటి.

నాకు తెలుసు గదా అని రిపోర్టర్ గొంతుతో ఇదంతా అక్కడే చెప్పేశా. తారీఖులతో సహా. చిన్న మామూ నవ్వి ఊరుకున్నాడు, ఆయనకు నేను సొంత అక్క కొడుకును. ఖాలూ ముఖం మాత్రం ఎర్రబడింది. ఆయన ఆ ఇంటి అల్లుడు. బావమరుదుల ముందు, సమ్ధీ ముందు, సగం వయసున్న పిల్లగాడు "మీరన్నది తప్పు" అన్నాడు. నేను చెప్పింది నిజమే, చెప్పిన చోటే తప్పు. మీఠా గిన్నె సగంలో పెట్టి "పొద్దుగూకింది, బండి మీద పోవాలె" అని లేచాడు.

నేను చేయాల్సింది ఏంటో అమ్మీ రాత్రి చెప్పింది: "చెయ్యి కడుక్కునే దగ్గర పక్కకు పిలిచి చెప్తే వినకపోయేవాడా?" వాస్తవం తప్పు చెప్పినప్పుడు సరిచేయొద్దని కాదు. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలి. దస్తర్‌ఖాన్ మీదే చెప్పక తప్పకపోతే ఇద్దరికీ సమానంగా, "ఆర్డర్ ఇద్దరు చెప్పినదానికి మధ్యలో ఉన్నది, నా దగ్గర ఉంది, రేపు పంపిస్త" అంటే సరిపోయేది. ఇంకోటి కూడా ఉంది. ఖాలూ వాదిస్తున్నది చట్టం కోసం కాదు. ఇన్నేళ్లు తిరిగిన మనిషిని వదిలితే తన పరువు, తన పనులు ఏమవుతాయన్నది ఆయన బాధ. "ఆ మనుషులతో ఉంటే మీకు ఇబ్బంది అయితలేదా ఖాలూ?" అని ఒక్కరం కూడా అడగలేదు.

అమెరికాలో దీనికి లెక్క కూడా తీశారు. 2016 ఎన్నికల తర్వాత వచ్చిన థాంక్స్‌గివింగ్ పండుగ నాడు, కోటి మందికి పైగా ఫోన్ల లొకేషన్ వివరాలు చూసి కీత్ చెన్, రైన్ రోలా అనే ఇద్దరు 2018లో ప్రచురించారు. వేరే పార్టీకి ఓటేసే ప్రాంతాల నుంచి వచ్చిన చుట్టాలు కలిసిన విందులు, ఒకే పార్టీ వాళ్ల విందులకన్నా 30 నుంచి 50 నిమిషాలు ముందే ముగిశాయట. మా ఖాలూ కూడా అంతే, సుమారు ముప్పావుగంట ముందే పోయాడు.

అన్నీ మెత్తగా సర్దుకుపోవాలని నేను అనను. ఒక హద్దు మామూ పెట్టారు, అది సరైందే అనుకుంటున్న. ఈ ఇంట్లో ఎవర్నీ కాఫిర్, ముష్రిక్ అనొద్దు, ఎవర్నీ వహాబీ అని తిట్టులాగ పిలవొద్దు, ఊర్లో పక్కింటి హిందువుల గురించి చెడ్డమాట రావొద్దు. తోటి ముస్లింను కాఫిర్ అంటే ఆ మాట ఇద్దరిలో ఒకరి మీదికి తిరిగి వస్తుందన్న హదీస్ అందరూ విన్నదే. అలాంటి మాట వచ్చినప్పుడు ఆపాల్సింది ఇంటి పెద్ద. చిన్నవాళ్లు ఆపబోతే అది ఇంకో గొడవ. ఆపేటప్పుడు కూడా "ఆ మాట వద్దు" అని మాటను ఆపాలి, "నువ్వు ఇట్లాంటోడివి" అని మనిషిని కాదు.

రెండోది, కొన్ని సంగతులు నిజంగా తేల్చుకోవాల్సినవే. ఉదాహరణకు మస్లక్ వేరని నిఖా సంబంధం ఆగిపోతుంటే, "ఊకోండి, తినండి" అంటే సమస్య పోదు. కానీ దానికి దస్తర్‌ఖాన్ చోటు కాదు. నలుగురు చూస్తుంటే ఎవరూ వెనక్కి తగ్గలేరు. వేరే రోజు, ఇద్దరు పెద్దలు, తలుపు వేసుకొని కూర్చోవాలి. మా ఇంట్లో అట్లాంటిది ఒకటి ఉంది. భాయి చెల్లెలి సంబంధం గురించి వచ్చే నెల మామూ, ఖాలా కూర్చోబోతున్నారు. ఏమవుతుందో నాకు తెలియదు.

బర్సీ మరునాడు ఫజ్ర్ తర్వాత మామూ, భాయి కలిసి ఖబ్రస్తాన్‌కు పోయారు. ఆ పని మీద ఇద్దరికీ పేచీ లేదు గదా. నానా ఖబర్ చుట్టూ వానలకు లేచిన గడ్డి పీకి వచ్చారు. చిన్న ఖాలూ మాత్రం నా ఫోన్ ఎత్తుతలేడు. అమ్మీ అంటోంది, ఫోన్ కాదు, ఆదివారం పోయి కలువు, చేతిలో మీఠా డబ్బా పట్టుకపో, వక్ఫ్ మాట ఆయన ఎత్తితేనే నువ్వు ఎత్తు అని.